స్లైసు ప్లాస్టిక్కూ కాదు, చెడ్డార్ అమృతమూ కాదు

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది విజయవాడ. మా బాబుకు ఎనిమిదేళ్ళు. రెండేళ్ళుగా రోజూ స్కూలు బాక్సులో రెండు చీజ్ స్లైసులతో శాండ్‌విచ్ పెడుతున్నాను. నెల క్రితం డల్లాస్ నుంచి వచ్చిన మా ఆడపడుచు “వదినా, ఇది చీజ్ కాదు, ప్లాస్టిక్” అని స్లైసును లైటర్‌తో కాల్చి చూపించింది. అది కారలేదు, నల్లగా మాడింది. అప్పటి నుంచి మా అత్తయ్యగారు నేను బిడ్డకు విషం పెడుతున్నట్టు చూస్తున్నారు. సరేనని ఎక్కువ ధర పెట్టి చెడ్డార్ దిమ్మ తెచ్చాను. దానితో చేసిన శాండ్‌విచ్ నుంచి నూనె కారింది, పాస్తా సాసు విరిగి పలుకులయింది, బాబు ముట్టుకోలేదు. మావారేమో మళ్ళీ స్లైసులే తెచ్చేద్దాం అంటున్నారు. అత్తయ్యగారికి బీపీ ఉంది, కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయని ఈ మధ్యే డాక్టరుగారు చెప్పారు. సాయంత్రం బాబుతో పాటు ఆవిడకూ చీజ్ టోస్ట్ ఇష్టం. సగం చెడ్డార్ ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది. అసలు ఏది మంచిది?

— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ముందు ఆ లైటరు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ ఇంట్లో గొడవంతా అక్కడే మొదలైంది. ప్లాస్టిక్ కవరును మంటకు చూపితే అది కరిగి, చుక్కలుగా కారి, మండుతుంది. మీ స్లైసు కారలేదు, మాడింది. కాబట్టి ఆ పరీక్ష ఏదైనా నిరూపిస్తే అది ప్లాస్టిక్ కాదని నిరూపించినట్టే. మాడినది పాలలోని మాంసకృత్తు, పెనం మీద పుల్కా మాడినట్టే. పైన అంటిన నలుపులో కొంత లైటరు గ్యాసు సరిగా కాలక వచ్చిన మసి, అదే మంటను స్టీలు గరిటెకు చూపినా అంతే మసి పడుతుంది. ఒక పన్నీరు ముక్కను కాల్చి చూడండి, అదీ కారదు. అయినా పన్నీరును ప్లాస్టిక్ అని ఎవరూ అనరు.

అయితే చెడ్డార్ ముక్కను పెడితే నూనె ఓడ్చుతూ జారుతుంది, స్లైసు మాత్రం నిలబడుతుంది. ఈ తేడా నిజమైనదే, దానికి ఒక కారణం ఉంది. మీ సాసు విరగడానికి, శాండ్‌విచ్ నూనె కక్కడానికి, చివరకు అత్తయ్యగారు స్లైసులకు ఎందుకు దూరంగా ఉండాలన్నదానికి కూడా మూలం ఆ ఒక్క కారణంలోనే ఉంది గనుక, కొంచెం ఓపికగా చదవండి.

పాలలో ఉండే మాంసకృత్తులో ఎక్కువ భాగం కేసిన్. అది పాలలో కంటికి కనిపించనంత చిన్న ఉండలుగా తేలుతుంటుంది, ఆ ఉండల లోపల కేసిన్ పోగులను కాల్షియం ఫాస్ఫేట్ ముడివేసి ఉంచుతుంది. చెడ్డార్ చేసేటప్పుడు పాలను తోడువేసి, రెన్నెట్ అనే ఎంజైముతో గడ్డ కట్టించి, నీరు పిండేసి, ఉప్పు కలిపి, నెలల తరబడి మాగబెడతారు. (మనం చీజ్‌ను తెలుగులో జున్ను అని అనువదిస్తాం గానీ, మన జున్ను ఈనిన గేదె మొదటి పాలను ఉడికిస్తే గట్టిపడేది, దానికి తోడూ లేదు, రెన్నెట్టూ లేదు. రెండూ వేరు వేరు పదార్థాలు.) అలా తయారైన చెడ్డార్‌ను తాటాకు తడకలా ఊహించుకోండి. తడక కేసిన్, దాన్ని అక్కడక్కడా బిగించి కట్టిన పురికొస ముళ్ళు కాల్షియం, సందుల్లో ఇరుక్కున్నది వెన్న, నీరు.

ఈ తడకను వేడి చేస్తే ముందుగా వెన్న కరుగుతుంది. పాలకొవ్వు మన ఒంటివేడి దగ్గరకు వచ్చేసరికే దాదాపుగా ద్రవమైపోతుంది. ఇంకా వేడెక్కితే తడక మెత్తబడి సాగుతుంది, మీ శాండ్‌విచ్‌లో చీజ్ సాగిన ఆ కాసేపు అదే. కానీ పెనం మంట తగ్గించకపోతే మాంసకృత్తు పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ముడుచుకుపోతాయి, తడిగుడ్డను పిండినట్టు లోపలి వెన్నను బయటకు నెట్టేస్తాయి. బ్రెడ్డు అంచున కారిన నూనె ఆ వెన్నే. సాసులో జరిగిందీ ఇదే, అక్కడ ముడుచుకున్న మాంసకృత్తు మీకు పలుకులుగా కనిపించింది, పైన నూనె తేలింది. మీరు కొన్న చెడ్డార్ బాగా మాగినదై ఉంటే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది, ఎందుకంటే మాగే కాలంలో ఎంజైములు కేసిన్ పోగులను తుంచుతూ వస్తాయి, పొట్టి ముక్కలకు కొవ్వును పట్టి ఉంచే బలం ఉండదు. అంటే మీ చేతివంట లోపమూ కాదు, దుకాణదారుడు కల్తీ సరుకు అంటగట్టడమూ కాదు. సహజమైన చీజ్‌కు ఉన్న స్వభావమే అది. పన్నీరు సంగతి ఇంకో రకం, మరిగిన పాలను నిమ్మరసంతో విరిచినప్పుడు పాలలోని మిగతా మాంసకృత్తులు కూడా కేసిన్‌కు అతుక్కుని బిగిసిపోతాయి, అందుకే దాన్ని ఎంత వేయించినా కరగదు.

ఇప్పుడు స్లైసు దగ్గరకు వద్దాం. స్విట్జర్లాండ్‌లోని థూన్ పట్టణంలో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ ష్టెట్లర్ అనే ఇద్దరు 1911లో ఎమెంటాల్ చీజ్‌ను తురిమి, సోడియం సిట్రేట్ కలిపి వేడి చేసి, విరగకుండా కరిగించగలిగారు. చీజ్ ఎక్కువ కాలం చెడకుండా, దూరదేశాలకు పంపేలా ఉండాలన్నది వారి అవసరం. ఇప్పుడు మీరు కొనే స్లైసు ఆ పద్ధతి బిడ్డే, ఇలా లవణంతో కరిగించి చేసిన దాన్నే ప్రాసెస్డ్ చీజ్ అంటారు. అందులో వాడే సిట్రేట్‌నూ, అలాంటి పనే చేసే ఫాస్ఫేట్లనూ ఎమల్సిఫైయింగ్ సాల్ట్స్ అంటారు. పేరు చూసి ఇవే కొవ్వునూ నీటినీ కలుపుతాయనుకుంటారు. నిజానికి కలిపేది కేసినే, ఈ లవణాలు దాని కట్లు విప్పుతాయి, అంతే. సిట్రేట్ కాల్షియాన్ని గట్టిగా పట్టుకుంటుంది, ముడి నుంచి కాల్షియం జారి, దాని చోటుకు సోడియం వస్తుంది. కాల్షియం రెండు పోగులను కలిపి పట్టుకోగలదు, సోడియానికి ఆ శక్తి లేదు. దాంతో తడక విడిపోయి, కేసిన్ నీళ్ళలో విచ్చుకుని, కరిగిన ప్రతి కొవ్వు బిందువు చుట్టూ పొరలా పరుచుకుంటుంది. పొర కట్టిన కొవ్వు ఇక ఎటూ పారిపోదు.

సిట్రేట్ అనగానే రసాయనం అని భయపడే వారికి నేను రక్తదానం సంచి గుర్తుచేస్తాను. దానిలో రక్తం గడ్డకట్టకుండా ఉండడానికి ముందే పోసి ఉంచేది సిట్రేట్ ద్రావణమే. రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం కావాలి, సిట్రేట్ ఆ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. చీజ్‌లో చేసే పనీ సరిగ్గా అదే. విరేచనాలైతే మనం తాగించే ఓఆర్ఎస్ పొడిలోనూ సోడియం సిట్రేట్ ఉంటుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డెయిరీ ప్లాంటులో ఈ కరిగించే కెటిల్ పక్కనే నిలబడి పనిచేశాను. లేత చీజ్, మాగిన చీజ్ కలిపి తురిమి, నీళ్ళు, లవణం వేసి, లోపలి రెక్కలు తిప్పుతూ ఆవిరి పంపితే, మొదటి రెండు నిమిషాలు చూసేవారికి గుండె జారిపోతుంది. అంతా విరిగి, ముద్ద ఒక వైపు, పసుపుపచ్చ నూనె ఒక వైపు అవుతుంది, అచ్చం మీ సాసులాగే. వేడి 80 డిగ్రీలు దాటి మరో రెండు మూడు నిమిషాలు తిరిగేసరికి ఆ నూనె కళ్ళముందే ముద్దలోకి ఇంకిపోతుంది, పైన మెరుపు వస్తుంది, గరిటె ఎత్తితే ముద్ద తెగకుండా రిబ్బనులా జారుతుంది. ఒకసారి తూకంలో పొరపాటు జరిగి లవణం సగమే పడింది. ఎంత తిప్పినా నూనె లోపలికి పోలేదు, ఆ వాయి మొత్తాన్ని పక్కన పెట్టి, మిగతా లవణం వేసి మళ్ళీ తిప్పవలసి వచ్చింది. ఆ వేడి ముద్దను పలుచగా పరచి చల్లారిస్తే స్లైసు. చల్లారినప్పుడు కేసిన్ మళ్ళీ ఒక వల కడుతుంది గానీ, ఈసారి కొవ్వు ఆ వలలో సన్నని బిందువులుగా సమంగా పంచుకుని ఉంటుంది. మీ ఆడపడుచుగారి లైటరుకు అది చుక్కలుగా కారకపోవడానికి కారణం ఆ వలే.

ఇంతవరకూ స్లైసును వెనకేసుకొచ్చాను. ఇక దానికి మనం చెల్లించే ధర చెబుతాను. నునుపుగా కరిగే గుణం ఎక్కడి నుంచి వచ్చిందో, సోడియం కూడా అక్కడి నుంచే వస్తుంది. కాల్షియం చోటుకు సోడియం వస్తేనే తడక విడిపోతుందని పైన చెప్పాను కదా. వంద గ్రాముల ప్రాసెస్డ్ చీజ్‌లో రెండున్నర గ్రాముల సోడియం సిట్రేట్ వేశారనుకోండి, దాని నుంచే దాదాపు 590 మిల్లీగ్రాముల సోడియం వస్తుంది. దానికి మూలచీజ్‌లోని ఉప్పు, రుచికి వేసే ఉప్పు తోడవుతాయి. అందుకే ప్యాకెట్ వెనక పట్టిక చూస్తే సోడియం సాధారణంగా వంద గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములు దాటి, పదిహేను వందల దాకా కూడా కనిపిస్తుంది. చెడ్డార్‌లో అది సుమారు 650.

మీ బాబు బాక్సుకు లెక్క వేద్దాం. రెండు వందల గ్రాముల ప్యాకెట్లో పది స్లైసులుంటే ఒక్కొక్కటి 20 గ్రాములు. పట్టికలో సోడియం 1,400 అని ఉంటే రెండు స్లైసులకు 560 మిల్లీగ్రాములు, అంటే దాదాపు గ్రామున్నర ఉప్పుతో సమానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజు మొత్తానికి పెట్టిన హద్దు 2,000 మిల్లీగ్రాముల సోడియం, పిల్లలకు వారు తినే ఆహారాన్ని బట్టి అంతకన్నా తక్కువ. బ్రెడ్డులో ఉప్పుంటుంది, ఇంటికి వచ్చాక పెరుగన్నంలో ఆవకాయ ఉంటుంది. అదే 40 గ్రాముల చెడ్డార్‌తో అయితే సుమారు 260 మిల్లీగ్రాములు. మీ ఇంట్లో వాదించుకోవలసింది ఏదైనా ఉంటే అది ఈ మూడు వందల మిల్లీగ్రాముల తేడా గురించి, ప్లాస్టిక్ గురించి కాదు.

మిగతా పోషకాల్లో తేడా మీరు భయపడేంత లేదు, మీరు ఆశించేంతా లేదు. వంద గ్రాముల చెడ్డార్‌లో మాంసకృత్తులు 23 నుంచి 25 గ్రాములు, కొవ్వు 33 గ్రాముల చుట్టుపక్కల, శక్తి 400 కేలరీలు. ప్రాసెస్డ్ చీజ్‌లో నీరు ఎక్కువ కాబట్టి మాంసకృత్తులు 18 నుంచి 20, కొవ్వు 25 నుంచి 30, శక్తి 310 నుంచి 370 కేలరీల దాకా ఉంటాయి. అంటే సహజమైనదని చెడ్డార్‌కు మారితే కేలరీలూ సంతృప్త కొవ్వూ తగ్గవు, పెరుగుతాయి. కాల్షియం రెండింటిలోనూ దండిగానే ఉంటుంది. సిట్రేట్ ముడి నుంచి విడదీసిన కాల్షియం ఎక్కడికీ పోలేదు, స్లైసులోనే ఉంది. నలభై గ్రాముల చెడ్డార్ నుంచి సుమారు 285 మిల్లీగ్రాముల కాల్షియం వస్తుంది, మీ బాబు వయసుకు భారత వైద్య పరిశోధన మండలి రోజుకు 650 చాలంటుంది. పులిసిన పదార్థం గనుక చెడ్డార్‌లో మేలుచేసే బ్యాక్టీరియా ఉంటుంది, ప్రాసెస్ చేస్తే చస్తుంది అంటారు. నిజమే, కానీ మీ పెనం మీద కరిగిన చెడ్డార్‌లోనూ అది బతకదు. ఆ లాభం కోసమైతే ఇంట్లో పెరుగు ఉండనే ఉంది.

ఆడపడుచుగారి మాటలో ఒక సబబు లేకపోలేదు. అమెరికా నిబంధనల ప్రకారం ప్రాసెస్ చీజ్‌లో ఈ లవణాలు బరువులో మూడు శాతం మించకూడదు, అదే వరుసలో చీజ్ ఫుడ్ అనీ, చీజ్ ప్రొడక్ట్ అనీ వేరే పేర్లతో అమ్మే వాటిలో చీజ్ వాటా తగ్గి పాలపొడి, పాల విరుగుడు నీటి నుంచి తీసే వే పొడి వంటివి పెరుగుతాయి. ఆవిడ అక్కడి దుకాణంలో అలాంటివి చూసి ఉండవచ్చు. మన దగ్గర మీరు చూడవలసింది పదార్థాల జాబితాలో మొదటి పేరు. అది చీజ్ అని ఉండి, వంటనూనెల ప్రస్తావన లేకపోతే అది ప్రాసెస్డ్ చీజ్. పామ్ నూనె వంటి వృక్షనూనె కనిపిస్తే, లేదా అనలాగ్ అనే మాట ఉంటే అది చీజ్‌కు నకలు, దాని కథ వేరు. హోటళ్ళలో చవకగా దొరికే పిజ్జాల మీద తరచు పడేది ఈ రకమే.

ఇక అత్తయ్యగారి విషయం. బాబు గురించి మీరు కొంచెం తేలిగ్గా ఊపిరి పీల్చుకోవచ్చు గానీ, ఆవిడ గురించి నేను అలా అనలేను. బీపీకి సోడియం ఎలాగూ మంచిది కాదు. కిడ్నీలు దెబ్బతిన్నవారికి దానికి తోడు ఫాస్ఫరస్ సమస్య ఉంటుంది, రక్తంలో పేరుకున్న ఫాస్ఫరస్‌ను కిడ్నీలు బయటకు పంపలేకపోతే ఎముకల్లో కాల్షియం తగ్గుతుంది, రక్తనాళాలు గట్టిపడతాయి. చీజ్ ఏదైనా అందులో ఫాస్ఫరస్ ఎక్కువే, చెడ్డార్‌లో వంద గ్రాములకు 450 నుంచి 500 మిల్లీగ్రాములు. కానీ సహజంగా కేసిన్‌తో అంటిపెట్టుకున్న ఫాస్ఫరస్‌ను మన పేగులు సగం అటూ ఇటూగా మాత్రమే పీల్చుకుంటాయి, లవణంగా విడిగా కలిపిన ఫాస్ఫేట్‌ను మాత్రం చాలా మటుకు పీల్చేసుకుంటాయి. అందుచేత ఒకే అంకె రాసి ఉన్నా ఒంటికి చేరేది ఒకటి కాదు. పైగా ఫాస్ఫరస్ ఎంతుందో పట్టికలో సాధారణంగా రాయరు.

కాబట్టి ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో ఈ లవణాలకు రాసే ఐఎన్ఎస్ సంఖ్యలు చదవడం నేర్చుకోండి. ఐఎన్ఎస్ 331 అంటే సిట్రేట్. ఐఎన్ఎస్ 339, 450, 452 అంటే ఫాస్ఫేట్లు. ఫ్యాక్టరీ వారికి వీటిలో దేని పని దానిదే, సిట్రేట్‌తో స్లైసు బాగా కరుగుతుంది, 452 రకం పొడుగు ఫాస్ఫేట్లతో ముద్ద గట్టిగా నిలిచి వేడికి కూడా ఆకారం తప్పదు. మీకు మాత్రం ఈ విభజన అత్తయ్యగారి కోసం పనికొస్తుంది. చివరి మూడింటిలో ఏది కనిపించినా ఆ ప్యాకెట్ ఆవిడ కోసం కాదు. సిట్రేట్ మాత్రమే ఉన్న స్లైసు ఫాస్ఫరస్ విషయంలో కొంత నయం, సోడియం విషయంలో కాదు. చెడ్డార్ రెండు విధాలా కొంత నయం, అయినా రోజూ తినదగినది కాదు. ఆవిడ తాజా రక్తపరీక్షలో ఫాస్ఫరస్, పొటాషియం, క్రియాటినిన్ ఎంతున్నాయో చూడకుండా నేను గ్రాములు చెప్పడం తప్పు. ఆ కాగితాలు తీసుకుని నెఫ్రాలజిస్టు దగ్గర, వీలైతే అక్కడి డైటీషియన్ దగ్గర చీజ్ అనే మాట ఎత్తి అడగండి. తామంతట తాము వారు అడగకపోవచ్చు, మన ఇళ్ళలో ముసలివారు చీజ్ తింటారని ఎవరూ అనుకోరు. అంతవరకూ ఆ సాయంత్రం టోస్ట్ ఆపడమే మంచిది. ఉప్పు లేకుండా ఇంట్లో విరిచిన పన్నీరులో సోడియం నామమాత్రం కాబట్టి బీపీకి అది తేలిక, కానీ దానిలోనూ మాంసకృత్తు, ఫాస్ఫరస్ ఉంటాయి గనుక ఆ కొలతా డాక్టరుగారే చెప్పాలి.

బాబు బాక్సుకు మీ ముందు మూడు దారులున్నాయి, దేని కష్టం దానికి ఉంది. స్లైసులే కొనసాగించి రెండు బదులు ఒకటి పెట్టి, వారానికి మూడు రోజులకు తగ్గించవచ్చు. అలా చేస్తే వారం మొత్తం మీద సోడియం బాగా తగ్గుతుంది, బాబు మారాం చేయడు, మధ్యాహ్నానికి చల్లారినా చీజ్ మెత్తగానే ఉంటుంది. ఇబ్బందల్లా మిగతా రోజులకు మీరు ఇంకేదైనా ఆలోచించాలి. రెండో దారి చెడ్డార్‌ను అసలు కరిగించకుండా, పలుచని రేకులుగా కోసి, కీరా ముక్కలతో చల్లగా పెట్టడం. పొద్దున కరిగించి పెడితే మధ్యాహ్నానికి అది రబ్బరులా బిగుసుకుంటుంది, బ్రెడ్డుకు నూనె మరక దిగుతుంది, బాబు ముట్టుకోకపోవడానికి అసలు కారణం అదే అయి ఉంటుంది. అయితే ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ ఎండకు డబ్బాలో చెడ్డార్ కరిగించకపోయినా చెమర్చుతుంది. ఆ రెండు నెలలు ఈ దారి పట్టకండి. మూడోది చెడ్డార్‌ను తురిమి, సగానికి సగం మొజరెల్లా తురుముతో కలిపి, పెనం సన్న మంట మీద మూతపెట్టి, తురుము ఆకారం పోయిన క్షణంలోనే దించేయడం. ఇది ఇంట్లో వేడివేడిగా తినడానికి బాగుంటుంది, బాక్సుకు అంతగా కాదు, ఖర్చూ ఎక్కువే.

పాస్తా సాసుకు నేనైతే పిండి పద్ధతి పడతాను. రెండు వందల మిల్లీలీటర్ల చల్లని పాలలో రెండు టీస్పూన్ల కార్న్‌ఫ్లోర్ కలిపి, చిక్కబడే దాకా మరిగించి, పొయ్యి మీద నుంచి దించి, బుడగలు పూర్తిగా ఆగి ఆవిరి మాత్రం వస్తున్నప్పుడు, సన్నగా తురిమి గది వేడికి తెచ్చిన వంద గ్రాముల చెడ్డార్‌ను మూడు విడతలుగా వేస్తూ కలపండి. పిండి కాల్షియం ముళ్ళను విప్పదు, నీటిని చిక్కబరచి మాంసకృత్తు పోగులు ఒకదాన్నొకటి అందుకోకుండా అడ్డుపడుతుంది. అందుకే మళ్ళీ పొయ్యి ఎక్కించి మరిగిస్తే ఇదీ విరుగుతుంది. విడిగా ఉప్పు వేయకపోతే మొత్తం సాసులో సోడియం సుమారు 740 మిల్లీగ్రాములు, నలుగురికి పంచితే తలా 185.

హోటల్లో వచ్చేలాంటి మెరిసే సాసే కావాలంటే ఇంట్లోనే సిట్రేట్ తయారవుతుంది. చిన్న డిజిటల్ తూకం మాత్రం ఉండాలి. వంద మిల్లీలీటర్ల నీటిలో గ్రామున్నర నిమ్మఉప్పు, రెండు గ్రాముల వంటసోడా వేస్తే బుస్సుమని పొంగుతుంది. పొంగు పూర్తిగా చల్లారాక మిగిలేది దాదాపు రెండు గ్రాముల సోడియం సిట్రేట్ ఉన్న నీరు. దాన్ని వేడిచేసి వంద గ్రాముల తురిమిన చెడ్డార్‌ను కొద్దికొద్దిగా కలపండి, మొదట విరిగినట్టు కనిపించినా భయపడకుండా గిలకొట్టండి. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, నిమ్మఉప్పు ఎక్కువైతే పులుపుకు సాసు విరుగుతుంది. నాలుగు గ్రాముల సిట్రేట్ పడేలా రెట్టింపు వేస్తే మళ్ళీ వేడిచేసినా చెక్కుచెదరదు గానీ, ఆ నాలుగు గ్రాములతోనే వెయ్యి మిల్లీగ్రాములకు పైగా సోడియం దిగుతుంది, అప్పుడు మీరు ఇంట్లో ప్రాసెస్డ్ చీజ్ చేసుకున్నట్టే లెక్క. నెలకొకసారి పుట్టినరోజుకు పరవాలేదు. ఈ సాసు అత్తయ్యగారి పళ్ళెంలోకి వెళ్ళకూడదు.

ఫ్రిజ్‌లో మిగిలిన చెడ్డార్‌ను పారేయకండి. బిగుతైన ప్లాస్టిక్ చుట్టి ఉంటే తీసేసి, ముందు బటర్ పేపర్, పైన వదులుగా కవరు చుట్టి కూరగాయల అరలో పెట్టండి. అంచున చిన్న బూజు మచ్చ కనిపిస్తే దాని చుట్టూ, లోతుకూ అంగుళం మేర కోసేసి మిగతాది వాడుకోవచ్చు, గట్టి చీజ్‌లో బూజు లోపలికి అంత తేలిగ్గా దిగదు. విప్పిన స్లైసు మీద బూజు వస్తే మాత్రం ఆ స్లైసు మొత్తం తీసేయాలి, అది మెత్తనిది, నీరు ఎక్కువ ఉన్నది. ఈ ఆదివారం ఆ మిగిలిన దిమ్మలో వంద గ్రాములు పిండి పద్ధతిలో సాసు చేసి బాబుకు పెట్టి చూడండి. మాగిన చెడ్డార్ అయితే సగం మొజరెల్లా కలపండి, ఆ ఘాటుకు పిల్లలు ముఖం చిట్లిస్తారు.